సాల్మన్ డాక్టరు ముద్ర

ఆదివారం పొద్దున మటన్ కొట్టు ముందు వరసలో నిలబడ్డప్పుడు, కొక్కేనికి వేలాడే పొట్టేలు తొడ మీద సగం అలుక్కుపోయిన ముద్ర ఒకటి కనిపిస్తుంది. ‘ముద్ర పడ్డ మాంసమేనా?’ అని అడిగి మరీ కొనేవాళ్లున్నారు. కొట్టువాడు తొడ తిప్పి చూపిస్తాడు, బేరం కుదురుతుంది. ఆ ముద్ర కొనేవాడికి ఏం హామీ ఇస్తోంది? ఈ ప్రశ్న మీద అమెరికాలో కోర్టు దాకా వెళ్లారు. అక్కడి మాంసం మీద పడే ఊదారంగు గుండ్రటి ముద్ర కథలో జవాబు దొరుకుతుంది.

కథ మొదలైంది మాత్రం జర్మనీలో. 1860లో డ్రెస్డెన్ ఆసుపత్రిలో ఒక పనిపిల్ల ఒళ్లు నొప్పులతో, జ్వరంతో చనిపోయింది. టైఫాయిడ్ అనుకున్నారు. జెంకర్ అనే వైద్యుడు ఆమె కండను సూక్ష్మదర్శిని కింద పెడితే, లెక్కలేనన్ని సన్నటి పురుగులు కనిపించాయి. అవి ట్రైకినెల్లా పురుగులు. క్రిస్మస్‌కు తిన్న పంది మాంసంలోంచి వచ్చాయి. 1865లో హెడెర్స్‌లెబెన్ అనే ఊళ్లో అదే జబ్బు 337 మందికి సోకి, 101 మందిని తీసుకుపోయింది. కోసిన ప్రతి పంది కండనూ సూక్ష్మదర్శినితో చూడాలని విర్కో వంటి వైద్యులు పట్టుబట్టారు. పచ్చి పంది మాంసం ఇష్టంగా తినే దేశంలో ఆ పట్టుదలకు అర్థముంది.

ఆ భయాన్నే కారణంగా చూపించి జర్మనీ 1883లో అమెరికా పంది మాంసాన్ని నిషేధించింది. అమెరికా రైతుకు పెద్ద దెబ్బ తగిలింది. పోయిన బేరాన్ని తిరిగి తెచ్చే పని పశు పరిశ్రమ బ్యూరో అధిపతి డేనియల్ సాల్మన్ మీద పడింది. ఆయన పశువైద్యుడు. 1891లో మాంసం తనిఖీ చట్టం వచ్చింది. షికాగో కబేళాల పక్కన బల్లలు వేసి, వరసగా సూక్ష్మదర్శినులు పెట్టి, చాలామటుకు ఆడవాళ్లనే పనిలోకి తీసుకున్నారు. పంది ఉదరవితానం నుంచి కత్తిరించిన చిన్న ముక్కను రెండు గాజు పలకల మధ్య నలిపి, చుట్టలు చుట్టుకున్న పురుగు కోసం వెతకడం వాళ్ల పని. అదే ఏడాది జర్మనీ నిషేధం ఎత్తేసింది.

అయితే ఆవగింజంత ముక్కలో పురుగు లేనంత మాత్రాన పంది మొత్తంలో లేనట్టు కాదు. పైగా ‘సూక్ష్మదర్శినితో చూశారు కదా’ అనే ధీమాతో జనం సరిగా ఉడికించకుండా తింటే, పరీక్షే ముప్పు తెచ్చినట్టవుతుంది. ఈ తర్కంతోనే 1906లో అమెరికా ఆ పరీక్షను మానేసింది.

మాంసం తనిఖీ చట్టానికి కోరలు వచ్చిందీ ఆ ఏడాదే. అప్టన్ సింక్లేర్ నవల ‘ది జంగిల్’ షికాగో కబేళాల లోపలి సంగతులు చెప్పి జనానికి వెగటు పుట్టించింది. అధ్యక్షుడు థియొడోర్ రూజ్‌వెల్ట్ విచారణకు మనుషుల్ని పంపాడు. జూన్ 30న చట్టం మీద సంతకం పడింది. రాష్ట్రాల మధ్య అమ్ముడుపోయే మాంసాన్నంతా సర్కారు మనుషులే చూడాలి, చూసినట్టు ముద్ర వేయాలి.

ఆ చూడటం ఎలా ఉంటుందంటే, ముందు జీవాన్ని ప్రాణంతో ఉండగానే చూస్తారు. ఊరికే నిలబెట్టి ఒకసారి, నడిపించి ఒకసారి. కుంటుతోందా, ఆయాసపడుతోందా, తల వాల్చిందా? కోశాక పశువుదైతే తల దగ్గర మొదలు. దవడ కింది బిళ్లలను కత్తితో చీరి చూస్తారు. క్షయ ఉంటే అక్కడ పెరుగు గడ్డల్లాంటివి కనిపిస్తాయి. దవడ కండను పలచగా కోస్తే బద్దెపురుగు పిల్లల తిత్తులు బయటపడతాయి. ఊపిరితిత్తుల మధ్య బిళ్లలు, గుండె, ఆ తర్వాత కార్జం. పిత్తనాళాన్ని తెరిస్తే జలగలుంటే తెలిసిపోతుంది. అనుమానమొస్తే కళేబరాన్ని పక్కకు లాగి ట్యాగు కట్టి ఆపుతారు. చెడ్డదని తేలితే ‘కండెమ్‌డ్’ అని రాసి, మళ్లీ తిండిలోకి రాకుండా నాశనం చేస్తారు లేదా మందు కలుపుతారు. బాగుంటే ‘ఇన్‌స్పెక్టెడ్ అండ్ పాస్డ్’ అనే గుండ్రటి ముద్ర పడుతుంది. దాని మధ్యలోనే ఆ కబేళా నంబరు. సిరా తిన్నా ప్రమాదం లేనిది.

కన్ను, చెయ్యి, కత్తి. ఈ మూడింటికీ అందని దాన్ని ముద్ర పట్టించుకోలేదు. 1885లో సాల్మన్ బ్యూరోలోనే థియొబాల్డ్ స్మిత్ అనే సహాయకుడు పందుల్లో ఒక సూక్ష్మజీవిని పట్టుకున్నాడు. తర్వాత దానికి అధిపతి పేరే పెట్టారు: సాల్మొనెల్లా. ముద్రకు పునాది వేసిన మనిషి పేరే ముద్రకు కనపడని క్రిమికి దక్కింది.

అమెరికా ప్రజారోగ్య సంఘం ఈ మెలికనే 1970లలో కోర్టుకెక్కించింది. మాంసంలో సాల్మొనెల్లా ఉండొచ్చని తెలిసి కూడా ‘పాస్డ్’ అని ముద్రేస్తే అది జనాన్ని తప్పుదారి పట్టించడం కాదా, ఎలా వండాలో హెచ్చరిక చీటీ అంటించాలి కదా అన్నది దాని వాదన. 1974లో అప్పీలు కోర్టు ఒప్పుకోలేదు. ఈ తనిఖీలో సూక్ష్మజీవుల వెతుకులాట లేదనీ, ముద్రకు ‘క్రిమి లేదు’ అనే అర్థం చట్టసభ ఉద్దేశించలేదనీ, మాంసాన్ని ఉడికించే తినాలన్న సంగతి వంట చేసేవాళ్లకు తెలుసుననీ తేల్చింది.

1993లో జాక్ ఇన్ ద బాక్స్ అనే హోటళ్ల గొలుసులో సరిగా ఉడకని కీమా బర్గర్లు తిని 700 మందికి పైగా జబ్బుపడ్డారు. నలుగురు పిల్లలు చనిపోయారు. ఈసారి క్రిమి ఈ-కోలై ఓ157. ఆ మాంసం తనిఖీలో పాసైందే. తొడ ముక్కలో క్రిమి పైపైనే ఉంటుంది, వేడి తగిలితే చస్తుంది. కీమా చేస్తే పైది లోపలికి పోతుంది. 1994లో పచ్చి మాంసం పొట్లాల మీద జాగ్రత్తల చీటీ తప్పనిసరి చేశారు. ఇరవై ఏళ్ల కిందట కోర్టు కాదన్న చీటీ అది. 1996 నాటి నిబంధనతో కబేళాల్లో ప్రయోగశాల పరీక్షలూ వచ్చాయి.

అమెరికాలోని మనవాళ్లు రెండు సంగతులు గుర్తుపెట్టుకోవాలి. ప్రైమ్, చాయిస్ అనే డాలు ఆకారపు ముద్ర రుచికి, మెత్తదనానికి సంబంధించింది. కంపెనీ డబ్బు కట్టి వేయించుకుంటుంది. ఆరోగ్యం సంగతి చెప్పేది గుండ్రటి ముద్రే. ఇక మన మేకను మనమే కొనుక్కుని, మన ఇంటి కోసం కోసిపెట్టే చోట కోయించుకుంటే పొట్లం మీద ‘నాట్ ఫర్ సేల్’ అని ఉంటుంది. ఆ మాంసాన్ని ఒక్కో జీవం చొప్పున సర్కారు మనిషి చూడలేదన్నమాట. దాన్ని అమ్మకూడదు.

మన దగ్గర 2001 నాటి కేంద్ర నిబంధనల ప్రకారం కోయకముందు జీవాలను చూసే పశువైద్యుడు గంటకు 12 జీవాలకు, రోజుకు 96కి మించి చూడకూడదు. అంటే ఒక్కోదానికి ఐదు నిమిషాలు. ముద్ర విలువ ఆ ఐదు నిమిషాల్లో, కోశాక చూసే చూపులో ఉంది. కొట్టుకు చేరిన తొడకు దవడ బిళ్లలుండవు, ఊపిరితిత్తులుండవు, అది ఎలా నడిచిందో చెప్పే కాళ్లూ ఉండవు. జబ్బు కనిపించే చోట్లన్నీ మనం చూడకముందే పక్కకు పోతాయి. వాటిని చూసిన మనిషి ఒకరున్నారని చెప్పడమే ముద్ర పని. కొట్టు వెనకే కోసి వేలాడదీసిన దానికి ఆ సాక్షి ఉండరు. ముద్ర పడ్డాక ఈగలు వాలాయా, ఎన్ని గంటలు ఎండలో వేలాడింది అన్నవి మన కళ్లు చూడాలి. క్రిమి సంగతి పొయ్యి చూసుకోవాలి.