వాక్యం చివర మిగిలిన కామా

“చదువమ్మా. కామా ఉంటే కామా అను, ఫుల్‌స్టాప్ ఉంటే ఫుల్‌స్టాప్ అను. ఊపిరి తీసుకుని దాటెయ్యకు.”

ఉత్తరాంధ్రలో ఒక జిల్లా వైద్య ఆరోగ్య శాఖ కార్యాలయం. సాయంత్రం నాలుగు దాటింది. కాంట్రాక్టు పద్ధతిలో ల్యాబ్ టెక్నీషియన్ గ్రేడ్-2 పోస్టుల భర్తీకి మర్నాటి పేపర్లో పడాల్సిన ప్రకటన అది. కలెక్టర్ గారి ఆమోదం వచ్చేసింది. ఏడింటిలోగా ఫైనల్ కాపీ వెళ్లకపోతే రేపటి పేజీలో చోటు ఉండదని పేపరు వాళ్లు రెండుసార్లు ఫోన్ చేశారు. ఇప్పుడు మిగిలింది ప్రూఫు చూడటమే. చదువుతున్నది అవుట్‌సోర్సింగ్‌లో పనిచేస్తున్న డేటా ఎంట్రీ ఆపరేటర్. వింటున్నది రిటైర్మెంటు దగ్గరపడ్డ సీనియర్ అసిస్టెంట్. ఊరి పేరూ మనుషుల పేర్లూ ఇక్కడ చెప్పడం లేదు. సంభాషణలు కథనం కోసం కూర్చినవి.

ఆయన చేతిలో ఉన్నది తమ ఫైల్లోని డ్రాఫ్టు కాదు, ఆ పోస్టుకు ప్రభుత్వం నిర్ణయించిన అర్హతల కాపీ. ప్రూఫును డ్రాఫ్టుతో పోలిస్తే డీటీపీ చేసినవాడి తప్పులు మాత్రమే దొరుకుతాయి. డ్రాఫ్టులోనే తప్పుంటే ప్రూఫు దానితో అచ్చంగా సరిపోతుంది. సరిపోయింది కదా అని అందరూ సంతకాలు పెట్టేస్తారు.

అమ్మాయి చదివింది. “అర్హతలు, రెండు చుక్కలు. ఇంటర్ వొకేషనల్, బ్రాకెట్లో ఎంఎల్‌టీ, కామా, డీఎంఎల్‌టీ లేదా బీఎస్సీ, బ్రాకెట్లో ఎంఎల్‌టీ, కామా, ఒక సంవత్సరం అప్రెంటిస్‌షిప్ పూర్తిచేసి ఏపీ పారామెడికల్ బోర్డులో రిజిస్టర్ అయి ఉండవలెను, ఫుల్‌స్టాప్, కామా.”

“ఏటన్నావ్?”

“ఫుల్‌స్టాప్, కామా సార్. రెండూ పక్కపక్కనే ఉన్నాయి. తీసెయ్యమంటారా?”

“ఉండు. ముందు మిగతా వాక్యం సంగతి చూద్దాం.”

ప్రభుత్వ కాపీలో అది ఒక్క వాక్యం కాదు, మూడు మాటలు. డీఎంఎల్‌టీ గానీ బీఎస్సీ ఎంఎల్‌టీ గానీ పాసై ఉండాలి. ఇంటర్ వొకేషనల్ దారిలో వచ్చినవారైతే గుర్తింపు ఉన్న ఆస్పత్రిలో ఏడాది అప్రెంటిస్‌షిప్ చేసి ఉండాలి. బోర్డు రిజిస్ట్రేషన్ అందరికీ తప్పనిసరి. ప్రకటనల బిల్లు చదరపు సెంటీమీటర్ల లెక్కన పడుతుంది కాబట్టి ఎవరో ఈ మూడింటినీ ఒక వాక్యంలోకి కుదించారు. కుదించడంలో మాటలేవీ అబద్ధం కాలేదు. వరస మారింది, అంతే.

ఆయన పాత కవరు చింపి దాని వెనకవైపు ఇద్దరు అభ్యర్థులను రాశాడు. బీఎస్సీ చదివిన అమ్మాయి, అప్రెంటిస్‌షిప్ చేయలేదు. ఇంటర్ వొకేషనల్ చదివిన అబ్బాయి, అతనూ చేయలేదు. “తల్లీ, ప్రభుత్వ కాపీ నువ్వు చూడలేదు కదా. ఈ వాక్యం ఒక్కటే చూసి చెప్పు. వీళ్లలో ఎవరు అప్లై చేసుకోవచ్చు?”

ఆమె ప్రూఫు మీద వేలు పెట్టి మళ్లీ చదువుకుంది. “ఇద్దరికీ కుదరదు సార్. అప్రెంటిస్‌షిప్ చివర్న ఉంది కాబట్టి మూడు చదువులకీ వర్తిస్తుంది.”

అప్పుడే టీ పట్టుకొచ్చిన అటెండరును అడిగారు. అతని కొడుకు ఇలాంటి ప్రకటనలు చూసే అప్లికేషన్లు పెడుతుంటాడు. “బీఎస్సీ వాళ్లకే కావాలేమో సార్, ఆ మాట బీఎస్సీ పక్కనే ఉంది కదా. ఇంటర్ వాళ్లకి అక్కర్లేదు” అన్నాడతను.

నిబంధన చెప్పేది దీనికి సరిగ్గా ఎదురు. బీఎస్సీ అమ్మాయికి అప్రెంటిస్‌షిప్ అక్కర్లేదు, ఇంటర్ అబ్బాయికి కావాలి. ఒకే వాక్యం ఇద్దరికి రెండు రకాలుగా అర్థమైంది, రెండూ తప్పే. అచ్చుతప్పు పట్టుకోవడానికి కళ్లు చాలు. ఇలాంటి తప్పు పట్టుకోవాలంటే వాక్యంలోకి మనుషుల్ని పంపి చూడాలి. అర్హుడని మనకు ముందే తెలిసినవాడు లోపలికి రాగలుగుతున్నాడా, అనర్హుడు బయట ఆగుతున్నాడా అని చూడటం తప్ప వేరే దారి లేదు. నా మటుకు నాకు ఈ కవరు పద్ధతి ముందు ఏ స్పెల్‌చెక్కూ నిలవదు.

“వచ్చినవాళ్లని సర్టిఫికెట్ల వెరిఫికేషన్లో చూసుకోవచ్చు కదా సార్” అంది అమ్మాయి.

“వచ్చినవాళ్లని చూసుకుంటాం. రానివాళ్లనో?”

ఆయన ఆ మాట అనడానికి ఒక కారణం ఉంది. పక్క జిల్లా విజయనగరంలో సాంఘిక సంక్షేమ గురుకులాల టీచర్ పోస్టుల వ్యవహారం ఒకటి సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ప్రకటనలో రెండో శ్రేణి పీజీ కావాలని ఉంది. ఎంపికైన అభ్యర్థికి ఉన్నది మూడో శ్రేణి. చేరడానికి వచ్చినప్పుడు సర్టిఫికెట్లు చూసి చేర్చుకోలేదు. 1990లో ఇచ్చిన తీర్పులో కోర్టు అన్న మాట ఉద్యోగ ప్రకటనలు రాసే ప్రతి సెక్షనుకూ తెలియాల్సినది. ప్రకటనలో ఒక అర్హత చెప్పి, దాన్ని పక్కనపెట్టి ఉద్యోగమిస్తే అది ఇచ్చినవాడికీ పుచ్చుకున్నవాడికీ మధ్య వ్యవహారం మాత్రమే కాదు. అంతే చదువు ఉండి, లేదా అంతకన్నా మెరుగైన చదువు ఉండి, ప్రకటన చూసి తమకు అర్హత లేదనుకుని దరఖాస్తే చేయనివాళ్లందరికీ అది అన్యాయం. ప్రజలను మోసగించడమేనని కోర్టు గట్టిగానే చెప్పింది.

ఈ ప్రూఫు అలాగే అచ్చైతే బీఎస్సీ చదివిన అమ్మాయిలు కొందరు అప్లికేషనే పెట్టరు. తర్వాత ఆఫీసు నిబంధన ప్రకారం నడుచుకున్నా ప్రకటనను దాటినట్టవుతుంది, ప్రకటన ప్రకారం నడుచుకుంటే నిబంధనను దాటినట్టవుతుంది. రెంటికీ కోర్టు నోటీసే.

ఇక జీతం. పట్టికలో ‘రూ.32,670/-’ అని ఉంది. కింద పేరాలో ‘నెలకు 3,2670 రూపాయలు’ అని ఉంది. మూడో పేజీ సాధారణ నిబంధనల్లో ‘రూ.28000.00 పి.ఎం.’ అని ఉంది.

అమ్మాయి రెండోదాని మీద ఎర్ర గీత పెట్టింది. ఆయన కళ్లు మూడోదాని మీదే ఉన్నాయి. 3,2670 అన్నది వేలు జారడం. కామా ఒక అంకె ముందు పడింది, చూసినవాడు నవ్వుకున్నా సరిగ్గానే చదువుకుంటాడు. మూడోదాని రాతే వేరు. కామా లేదు, పైసల కోసం రెండు సున్నాలు ఉన్నాయి, ‘నెలకు’ బదులు ‘పి.ఎం.’ ఉంది. ఒకే చెయ్యి రాసిన కాగితంలో రూపాయలు మూడు వేషాల్లో కనిపించవు. ఎక్కడ వేషం మారిందో అక్కడ మరెక్కడి నుంచో ముక్క తెచ్చి అతికించారని అర్థం.

“ఈ పేరా ఎక్కడిది తల్లీ?”

ఆమె కంప్యూటర్లో వెతికింది. కొన్నేళ్ల కిందటి నోటిఫికేషన్ దొరికింది. ఆ పేరా యథాతథంగా అందులోదే, అప్పటి జీతం 28,000. అంకె ఒక్కటే దిద్ది ఊరుకుంటే సరిపోయేది కాదు. దానికి పైనున్న వాక్యంలో దరఖాస్తు రుసుము కూడా ఆనాటిదే. రుసుము దగ్గర కామాలన్నీ సరిగ్గానే ఉన్నాయి కాబట్టి దాన్ని ఎవరూ అనుమానించలేదు. జీతం రాత తేడాగా ఉండబట్టే అదీ బయటపడింది.

అమ్మాయి మూడు చోట్లా ‘రూ.32,670/-’ అని ఒకే తీరున పెట్టింది. చివర ఆ గీతలెందుకని అడిగింది. చెక్కుల కాలం నాటి జాగ్రత్త అది, అంకె పక్కన ఇంకో అంకె చేర్చకుండా. పట్టికలో ‘నెలకు, కన్సాలిడేటెడ్’ అన్న మాట కూడా చేర్పించారు. అది లేకపోతే దీని మీద డీఏ, హెచ్‌ఆర్‌ఏ వస్తాయా అని రేపటి నుంచి ఆఫీసు ఫోను మోగుతూనే ఉంటుంది.

అప్పటికి అయిదున్నర.

“సార్, ఆ ఫుల్‌స్టాప్ కామా?”

తీసెయ్యడానికి అర సెకను చాలు. చాలామంది అదే చేస్తారు. ఆయన మాత్రం నోట్‌ఫైలు తెప్పించి మొదటి డ్రాఫ్టు తిరగేశాడు. అక్కడ ఆ వాక్యం ‘నోటిఫికేషన్ తేదీ నాటికి’ అన్న మాటలతో ముగిసింది. ఎవరో ఆ మాటలు కత్తిరించారు. వాటికి ముందున్న కామా మిగిలిపోయింది. తర్వాత ఇంకెవరో, వాక్యం ముగిసినట్టు లేదని దాని ముందు ఫుల్‌స్టాప్ పెట్టారు. చెత్తలా కనిపించిన ఆ గుర్తు నిజానికి పోయిన మాటల జాడ.

పోయింది కూడా చిన్న మాట కాదు. బోర్డు రిజిస్ట్రేషన్ ఏ తేదీకి చేతిలో ఉండాలి? నోటిఫికేషన్ తేదీకా, దరఖాస్తు ఆఖరి తేదీకా? చదువు అప్పుడే ముగించి రిజిస్ట్రేషన్‌కు డబ్బు కట్టి ఎదురుచూస్తున్న పిల్లలు ఆ రెండు తేదీల మధ్యే ఉంటారు. దరఖాస్తులకు ఆఖరి తేదీ నిర్ణయించినప్పుడు అర్హతను ఆ తేదీ నాటికే చూడాలని సుప్రీంకోర్టు 1997లో తేల్చిచెప్పింది. అంటే ఆ మాటలు తీసేస్తే ఆఖరి తేదీ లెక్కకొస్తుంది. ఉంచితే నోటిఫికేషన్ తేదీ. తీసినవారికి ఇది తెలిసే తీశారో, స్థలం కోసం తీశారో ఫైల్లో ఎక్కడా రాయలేదు.

ఇక్కడ ఆ సీనియర్ అసిస్టెంట్ పెన్ను కింద పెట్టేశాడు. కామాలు తన పని, జీతం అంకెలు తన పని. అర్హత తేదీ తన పని కాదు. కలెక్టర్ ఆమోదించిన కాగితంలో ఒక అర్హతను గుమాస్తా దిద్దితే ఆ దిద్దుబాటు ఎంత సరైనదైనా చెల్లదు.

ఇద్దరూ ఆఫీసర్ గదిలోకి వెళ్లారు.

“ఏవండీ, ఇప్పుడా ఇది? పేపరు వాళ్లు ప్రాణం తీస్తున్నారు.”

“నాలుగు లైన్ల నోటు సార్. రెండు సవరణలు. అర్హత వాక్యం ప్రభుత్వ కాపీలో ఉన్నట్టే పెడదాం. తేదీ విషయం మీరే రాయండి, కలెక్టరేట్‌కి నేనే పట్టుకెళ్తాను.”

ఆఫీసర్ కవరు వెనకనున్న ఇద్దరు అభ్యర్థులనూ చూసి, ప్రూఫు చదివి, ఇంకోసారి చదివారు. ‘దరఖాస్తు ఆఖరి తేదీ నాటికి’ అని స్పష్టంగా రాయించారు. ఆమోదం తిరిగొచ్చేసరికి ఏడున్నర. పేపరు ఆఫీసువారు విసుక్కుంటూనే పేజీ పట్టి ఉంచారు. అర్హతల పేరా మూడు వాక్యాలైంది, ప్రకటన కాస్త పొడుగైంది, బిల్లూ కాస్త పెరిగింది.

మర్నాడు ఉదయం పేపర్లో మొదట తప్పు చూసింది అటెండరు కొడుకు. ఆఖరి తేదీ పక్కన బ్రాకెట్లో శనివారం అని ఉంది. క్యాలెండర్లో ఆ తేదీ ఆదివారం. ఆ రోజు కౌంటరు తెరవరు. ముందురోజు సాయంత్రం అర్హతలను ప్రభుత్వ కాపీతో, జీతాన్ని పాత ఫైలుతో సరిచూశారు గానీ, గోడకు వేలాడుతున్న క్యాలెండర్ వైపు ఎవరూ తిరగలేదు.

పదకొండు గంటలకల్లా సవరణ ప్రకటన టైపైంది. తేదీ సోమవారానికి జరిగింది, మిగతా నిబంధనల్లో మార్పు లేదు. అమ్మాయి కామాలతో సహా గట్టిగా చదివింది. ఈసారి ఆయన ముందు ప్రభుత్వ కాపీతో పాటు క్యాలెండర్ కూడా ఉంది.