ధర్మయుద్ధం

యుద్ధం ఎప్పుడు న్యాయమవుతుంది, మొదలయ్యాక ఏ హద్దులలో సాగాలి అన్న రెండు వేర్వేరు ప్రశ్నలకు మహాభారతం ఢిల్లీ పరిసరాల నేపథ్యంలోనే సమాధానం వెతికింది. అర్ధరాజ్యం అడిగిన పాండవులు చివరకు అయిదూళ్లతో సరిపెట్టుకుంటామన్నారు; ఇంద్రప్రస్థం, పానిపట్, సోనీపట్, బాగ్‌పత్, తిల్‌పత్‌లే ఆ ఊళ్లని స్థానిక ఐతిహ్యం, కానీ ఉద్యోగపర్వంలోని పేర్లు వేరు. కృష్ణరాయబారం విఫలమయ్యాకే సేనలు కదిలాయి గనుక, యుద్ధం చిట్టచివరి మార్గమన్న నియమం ఇక్కడ పాటింపబడింది.

రెండో ప్రశ్నకు సమాధానం భీష్మపర్వం ఆరంభంలో ఇరుపక్షాలు చేసుకున్న ఒడంబడిక: రథికుడు రథికునితోనే పోరాడాలి, శరణన్నవానిని, వెన్ను చూపినవానిని, ఆయుధం కోల్పోయినవానిని, సారథులను, శంఖభేరీ వాదకులను కొట్టరాదు. అయితే దాన్ని అమలుపరిచే మూడో పక్షం లేకపోవడంతో, ఒకరి ఉల్లంఘన మరొకరికి సాకయింది. అనేకులు చుట్టుముట్టి అభిమన్యుని చంపారు. రథచక్రం కుంగిన వేళ కర్ణుని వధను సమర్థిస్తూ కృష్ణుడు ఆ సంగతే గుర్తుచేశాడు. భీముడు గదాయుద్ధ నియమం తప్పి దుర్యోధనుని తొడలు విరిచాడు. అశ్వత్థామ నిద్రిస్తున్నవారిని వధించాడు. న్యాయమైన కారణమున్న పక్షానికీ నియమోల్లంఘన దోషం తప్పదని భీమునిపై బలరాముని ఆగ్రహం చెబుతుంది. ఆ ఒడంబడికలాగే పోరాడలేనివారికి రక్షణ కల్పించే 1949 నాటి జెనీవా ఒప్పందాలను భారత పార్లమెంటు 1960లో చట్టంగా చేసింది.