కాజీపేటలో పాత రైలు ముక్క చెప్పే హద్దు

మా ఇంటి నుంచి కాజీపేట జంక్షన్‌కు నడిచి వెళ్లే దారిలో ఒకచోట పాత రైలు ముక్క ఒకటి నిలువుగా పాతి ఉంటుంది. తుప్పు పట్టి, నడుము దాకా మట్టిలో కూరుకుపోయి ఉంటుంది. చిన్నప్పుడు దాన్ని పట్టుకుని గిరగిరా తిరిగేవాళ్లం. అది రైల్వే జాగ హద్దు అని చాలా ఏండ్ల తర్వాత తెలిసింది. దానికి ఇవతల మోరీ నిండితే కార్పొరేషన్‌కు చెప్పాలి. అవతల నిండితే రైల్వే ఇంజనీరింగ్ వాళ్లకు చెప్పాలి. రెండు చోట్లా పారేది ఒకటే వాన నీరు.

ఖాజీ సాహెబు పేరుతో వెలసిన ఈ ఊరికి దర్గా వల్ల ఉన్న గుర్తింపు పాతది. జంక్షన్ వల్ల వచ్చిన గుర్తింపు తర్వాతిది. సికింద్రాబాద్ నుంచి వరంగల్ దాకా రైలు 1886లో వచ్చింది. 1889 నాటికి బెజవాడ చేరింది. ఆ తర్వాత బల్లార్షా లైను 1929లో పూర్తయ్యాక ఉత్తరాదికి పోయే దారి ఇక్కడే చీలింది. దాంతో షెడ్లు, క్వార్టర్లు, ఆసుపత్రి, ఆటస్థలం అన్నీ ఒక చిన్న పట్నంలా పుట్టుకొచ్చాయి. ఆ పట్నం చుట్టూ ఇప్పుడు మహానగరపాలక సంస్థ ఉంది. వరంగల్ 1994లో కార్పొరేషన్ అయింది, 2015లో గ్రేటర్ అయింది. పేరు పెరిగింది, పరిధి పెరిగింది. ఆ పరిధి మధ్యలో మాత్రం రైలు ముక్కలు పాతిన గీత అలాగే ఉంది.

ఆ గీత మొదట్లో పన్ను గురించి కాదు, రాజ్యాధికారం గురించి. నిజాం రాజ్యంలో పట్టాలు నిజాం భూమి మీదే పరిచినా, రైల్వే జాగలో నేరం జరిగితే ఎవరు విచారించాలన్న ప్రశ్న వచ్చింది. 1887లో జరిగిన ఉత్తరప్రత్యుత్తరాల ద్వారా ఆ అధికారాన్ని ఇంగ్లీషు ప్రభుత్వానికి అప్పగించారు. అంటే స్టేషన్ ప్లాట్‌ఫారం మీద నిలబడ్డ మనిషి నిజాం ప్రజే అయినా, అక్కడ నడిచేది రెసిడెంటు వారి అధికారం.

అయితే ఎంతవరకు? దాన్ని తేల్చిన కేసు శంకర్‌పల్లి స్టేషన్‌లో మొదలైంది. మహమ్మద్ యూసుఫుద్దీన్ అనే నిజాం ప్రజను, సిమ్లా మేజిస్ట్రేటు ఇచ్చిన వారంటు మీద ఆ స్టేషన్‌లో పట్టుకున్నారు. ఆయన మీద మోపిన నేరానికీ రైలుకూ సంబంధం లేదు. 1897లో లండన్‌లోని ప్రివీ కౌన్సిల్ ఆ అరెస్టు చెల్లదంది. రైల్వే నడపడానికి, దాని భద్రతకు ఎంత అధికారం కావాలో అంతే నిజాం ఇచ్చాడు, భూమి మీద మొత్తం అధికారం ఇవ్వలేదు అని చెప్పింది. ఆ ముక్క నాకు చాలా ముఖ్యంగా తోస్తుంది. హద్దు లోపల రైల్వేది సర్వాధికారం కాదు, రైలు నడపడానికి కావలసినంత అధికారం. దాన్ని ఇంత స్పష్టంగా చెప్పిన తీర్పు మన రాజ్యం నుంచే వెళ్లిన కేసులో వచ్చింది.

1947 ఆగస్టుతో ఇంగ్లీషువాళ్ల అధికారం పోయింది. గీత మాత్రం మరో రూపంలో మిగిలింది. రాజ్యాంగంలోని 285వ అధికరణం కేంద్రం ఆస్తుల మీద రాష్ట్రంగానీ, రాష్ట్రంలోని స్థానిక సంస్థగానీ పన్ను వేయకుండా అడ్డుపడుతుంది. 1989 నాటి రైల్వే చట్టం 184వ సెక్షన్ కూడా, కేంద్రం ప్రత్యేకంగా నోటిఫికేషన్ ఇస్తే తప్ప రైల్వే స్థానిక పన్ను కట్టనక్కర లేదంటుంది. అదే చట్టం 11వ సెక్షన్ ప్రకారం రైలు నడపడానికి కావలసిన కట్టడాలు రైల్వే తానే కట్టుకోవచ్చు. అందుకే మా వీధిలో గది పైన గది వేయాలంటే కార్పొరేషన్ అనుమతి కావాలి, పక్కన షెడ్డు లేవాలంటే అక్కర లేదు.

పన్ను లేకపోతే కనీసం రోడ్డు వాడినందుకు, చెత్త ఎత్తినందుకు ఏదైనా అడగొచ్చు కదా అన్న ప్రశ్న మన పాత నిజాం రైల్వే మీదే కోర్టుకెక్కింది. మహారాష్ట్రలోని పూర్ణా మున్సిపాలిటీ సర్వీసు చార్జీ అడిగింది. ఆ పేరుతో వసూలు చేసినా 285 అడ్డొస్తుందని 1991లో సుప్రీంకోర్టు చెప్పింది. తర్వాత దారి ఒప్పందాల్లో దొరికింది. 2009లో రాజ్‌కోట్ నగరపాలక సంస్థ కేసులో కేంద్రం తన ఆస్తులకు పన్ను కాకుండా సేవా రుసుము ఇస్తానని ఒప్పుకుంది. సేవలన్నీ వాడుకుంటే మామూలు ఆస్తిపన్నులో 75 శాతం, కొన్నే వాడుకుంటే 50 శాతం, ఏవీ వాడుకోకపోతే మూడో వంతు. ఒక భవనానికి మామూలుగా లక్ష రూపాయల పన్ను పడుతుందనుకోండి. నగరం నీళ్లూ రోడ్లూ మోరీలూ అన్నీ వాడితే 75,000, సొంత ఏర్పాట్లతో బతికితే దాదాపు 33,000 రావాలి. కానీ ఇది చట్టం వేసిన పన్ను కాదు. కూర్చుని మాట్లాడుకుని ఒప్పందం రాసుకుంటేనే డబ్బు కదులుతుంది. ఎవరు ఏ సేవ వాడుతున్నారో లెక్క తీయకుండా ఆ శాతాల్లో ఏది వర్తిస్తుందో తేలదు. అందుకే నా మటుకు, కాజీపేట కోసం అడగవలసిన మొదటి కాగితం ఆ సేవల జాబితా.

సికింద్రాబాద్ కంటోన్మెంట్‌తో పోలిస్తే మాకొక తేడా ఉంది. అక్కడ కంటోన్మెంట్ చట్టం కింద ఒక బోర్డుంది, దాన్ని నిలదీయవచ్చు. రైల్వే కాలనీలో అలాంటి బోర్డేమీ లేదు. అక్కడి వాళ్లు కార్పొరేటర్‌ను ఎన్నుకుంటారు, కానీ ఆ కార్పొరేటర్ చేతిలో వాళ్ల వీధి దీపం లేదు. దీపం వెలగాలంటే రైల్వే విద్యుత్ విభాగానికి చెప్పాలి.

హద్దు అసలు బరువు మోసేది లైను వెంట ఇండ్లు వేసుకున్న పేదలు. 2014 డిసెంబరులో తెలంగాణ ప్రభుత్వం ఇచ్చిన 58వ జీవో 125 గజాల లోపు ఇంటిజాగలను పేదలకు ఉచితంగా క్రమబద్ధం చేసింది. అది రాష్ట్ర ప్రభుత్వ భూమికే. రైల్వే జాగలో ఇరవై ఏండ్లున్నా ఆ జీవో వర్తించదు. అక్కడ నడిచేది 1971 నాటి ప్రభుత్వ ఆవరణల ఖాళీ చట్టం, నోటీసు ఇచ్చేది ఎస్టేట్ ఆఫీసరు. పట్టాల పక్కన ఉన్న ఇంటికి పట్టా రాదన్నది మా దగ్గర అందరికీ తెలిసిన మాటే. ఇల్లు కొనే ముందు రెవెన్యూ రికార్డుతోపాటు రైల్వే హద్దు మ్యాపు చూడమని నేను తెలిసినవాళ్లకు చెప్తుంటాను. మ్యాపు దొరకకపోతే రైలు ముక్కలు ఏ వరుసలో ఉన్నాయో కండ్లతో చూసైనా రమ్మంటాను.

ఇక నీళ్ల పైపు గురించి. నగరం పైపు పట్టాల కింద నుంచి దాటాలంటే సొంతంగా తవ్వలేదు. మొదట ఇద్దరు ఇంజనీర్లు కలిసి చోటు చూస్తారు. తర్వాత డ్రాయింగు రైల్వేకు వెళ్తుంది. పైపు చుట్టూ తొడుగు పైపు ఎంత ఉండాలో, పట్టాలకు ఎంత లోతున పోవాలో వాళ్లే చెప్తారు. అంచనా వేశాక నగరం ముందే డబ్బు జమ చేస్తుంది, పర్యవేక్షణ ఖర్చుతో కలిపి. పట్టాల కింద పని జరిగే గంటలు రైళ్ల రాకపోకలను బట్టి ఖరారవుతాయి. ఓవర్‌బ్రిడ్జికీ ఇదే పద్ధతి: పట్టాల మీది భాగం రైల్వేది, ఇరువైపులా ఎక్కే దారి రాష్ట్ర రోడ్ల శాఖది. ఒకరు ముందుగా పూర్తిచేస్తే సరిపోదు, ఇద్దరి పనులూ ఒకచోట కలిస్తేనే బండి పైకెక్కుతుంది. ఆలస్యాన్ని చూసి ఒక్కరిని తిట్టే ముందు ఏ ముక్క ఆగిందో చూడాలి.

మొన్న వానకు మా వీధి మోరీ మళ్లీ పొంగింది. ఊరి వైపు తూము కొత్తగా వెడల్పు చేశారు, పట్టాల కింది తూము మాత్రం పాతదే, ఇరుకుది. నీళ్లు అక్కడ ఆగి వెనక్కి తన్నాయి. తెల్లారి వెళ్లి చూస్తే రోడ్డు మీద మట్టి ఇంకో జానెడు పెరిగింది. రైలు ముక్క మీది పెచ్చు ఒకటి ఊడి పక్కన పడి ఉంది. ఇప్పుడు నేల పైన కనిపించేది మోకాలెత్తు మాత్రమే.