పాల లెక్క పక్కన ఆరు వేలు

2025 జూన్. గురువారం, నిఫ్టీ వారపు ఎక్స్‌పైరీ. మధ్యాహ్నం మూడూ పది. విజయవాడలో ఒక ఆఫీసు మీటింగు హాల్లోంచి బయటికి వస్తూనే అతను ఫోను తీశాడు. అరవై రూపాయలకు కొన్న కాల్ ఆప్షన్ పదిహేను దగ్గరుంది. చేతిలో నాలుగు లాట్లు. అప్పట్లో నిఫ్టీ లాటంటే 75. పాయింటుకు 300 చొప్పున 45 పాయింట్లు: 13,500 రూపాయలు.

స్టాప్‌లాస్ పెట్టకపోలేదు. 40 దగ్గర ట్రిగ్గర్, 38 దగ్గర లిమిట్. ఇండెక్స్ ఆప్షన్లలో స్టాప్‌లాస్ మార్కెట్ ఆర్డరును ఎన్ఎస్ఈ 2021లోనే తీసేసింది, లిమిట్ ఒక్కటే దారి. ధర ఒక్క ఊపున 38 కిందికి జారిపోతే ఆ రేటుకు కొనేవాళ్ళుండరు. అతని ఆర్డరు అమ్ముడుపోక అలాగే పడి ఉంది.

ఆ రోజు మొదలైంది ఒక్క లాటుతోనే. 1,500 పోయింది. రాబట్టుకుందామని రెండు లాట్లు కొన్నాడు, 3,000 పోయింది. ఆపైనే ఈ నాలుగు. మొత్తం 18,000. పాప స్కూలు ఫీజుకు దాచిన డబ్బు.

రాత్రి అన్నాలయ్యాక భార్యకు చెప్పాడు.

“ఎంత పోతే ఆపెయ్యాలని ముందే అనుకోలేదాండీ?”

“అనుకున్నాను. రోజుకి రెండు వేలు.”

“మరి?”

అతను జవాబు చెప్పలేదు. ఈ కథలో నాకు ముఖ్యమనిపించింది ఆ మౌనమే. పొద్దున పెట్టుకున్న హద్దును మధ్యాహ్నం చెరిపేసిందీ ఆ చెయ్యే. హద్దు ఒకరి చేతిలో, తాళం మరొకరి చేతిలో ఉండాలని ఆ రాత్రే ఇద్దరూ తేల్చుకున్నారు.

నెలకు ఎంత పోతే ఆపాలన్న అంకె ఎలా వచ్చిందంటే, చేతికొచ్చే జీతం 58,000. అద్దె, సరుకులు, చీటీ, ఫీజులు పోను మిగిలేది పన్నెండు వేలు. అందులో సగం, ఆరు వేలు. ట్రేడింగ్ ఖాతాలో ఎంత ఉందన్నది చూడలేదు. పోయినా వచ్చే జీతంతో పూడే గుంటేనా అన్నదే చూశారు. ఒక్క లాటు, 20 పాయింట్ల స్టాప్. దెబ్బకు 1,500, బ్రోకరేజీ, పన్నులు కలిపి మరో 60. లాభమొస్తే ఆరు వేలకు కలపకూడదన్నది ఆమె షరతు. గెలిచిన డబ్బు అండగా ఉందనుకున్నప్పుడే కదా నాలుగు లాట్లు కొనబుద్ధయ్యేది!

వంటింటి గోడ మీద క్యాలెండరులో, పాల లెక్క పక్కన, జులై ఒకటిన ఆమె 6,000 రాసింది. మూడో తేదీన 1,560 పోయింది, 4,440 మిగిలింది. పదో తేదీన రెండు వేల పైచిలుకు లాభం, అది రాయలేదు. పద్నాలుగున స్టాప్ రెండు పాయింట్లు జారి 1,710. పదిహేడున మళ్ళీ 1,560. మిగిలింది 1,170.

“ఇంకా పదకొండు వందలుందిగా,” అన్నాడతను.

“ఇంకో దెబ్బకు పదిహేను వందల అరవై కావాలండీ. లేవు కదా.”

అక్కడ గీత గీసింది. మిగిలిన మొత్తం ఒక పూర్తి దెబ్బకు చాలకపోతే నెల ముగిసినట్టే. లేకపోతే ఆ చివరి ట్రేడుకు స్టాప్‌ను పద్నాలుగు పాయింట్లకు కుదించాల్సి వస్తుంది, ఎక్స్‌పైరీ రోజున అంత చిన్న కదలిక నిమిషంలో వచ్చిపోతుంది.

అతను పెండింగ్ ఆర్డర్లు రద్దు చేసి, యాప్‌లో కిల్ స్విచ్ నొక్కాడు. కానీ అది ఆపేది కొన్ని గంటలే, నెలంతా కాదు. అందుకే ఖాతాలో ఉన్నదంతా బ్యాంకుకు తీయించి, అక్కణ్ణుంచి ఆమె ఖాతాలోకి మార్చాడు. ఇరవై నాలుగో తేదీన ఆఫీసు మెట్ల మీద నిలబడి యాప్ తెరిచాడట. చేతులు లాగేశాయి, కొనడానికి డబ్బు లేదు. “ఆ పావుగంట నరకం,” అన్నాడు నాతో.

ఆగస్టులో ఇరవయ్యో తేదీకే మళ్ళీ ఆ గీత పడింది. వరసగా రెండు నెలలు గీత పడితే మూడో నెల అసలు తెరవకూడదన్నది ముందే రాసుకున్న మాట. ఒక నెల పోతే దురదృష్టం అనుకోవచ్చు, రెండోసారి పద్ధతినే అనుమానించాలి. మూడేళ్ళ లెక్క తీసి 2024 సెప్టెంబరులో సెబీ చెప్పింది కూడా గుర్తుంచుకోవాలి: ఎఫ్ అండ్ ఓలో దిగిన వ్యక్తుల్లో నూటికి 93 మంది నష్టపోయారు.

సెప్టెంబరులో నేను వాళ్ళింటికి వెళ్ళాను. వంటింటి గోడ మీది ఆ పేజీలో పాల లెక్క మాత్రమే ఉంది.