బోర్డు ఒకటి, యజమానులు ఇద్దరు: మెక్‌డొనాల్డ్స్ ఢిల్లీ వివాదం ఆధారంగా ఫ్రాంచైజర్, ఫ్రాంచైజీల భేద పరిశీలన

వ్యాస సంగ్రహం

ఒకే బోర్డు కింద నడిచే దుకాణాలన్నీ ఆ బోర్డుపై పేరున్న సంస్థవే అన్న భావన సామాన్య వ్యవహారంలోనే గాక వ్యాపార చరిత్ర రచనలోనూ కనిపిస్తుంది. పేరుకు యజమాని అయిన ఫ్రాంచైజర్ వేరు, ఆ పేరును అనుమతితో వాడుకుంటూ దుకాణం నడిపే ఫ్రాంచైజీ వేరు. ఉత్తర భారతదేశంలో 2013 నుండి 2019 వరకు సాగిన మెక్‌డొనాల్డ్స్ వివాదాన్ని ఆధారంగా చేసుకొని, ఈ రెండు వ్యవస్థలను వేరుగా గుర్తించే పద్ధతిని ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలక పదాలు: ఫ్రాంచైజర్, ఫ్రాంచైజీ, వ్యాపార చిహ్నం, వాటాదారు, లైసెన్సు, మెక్‌డొనాల్డ్స్.

1. ఉపోద్ఘాతం

2017 జూన్ చివరలో ఢిల్లీలోని 55 మెక్‌డొనాల్డ్స్ దుకాణాలలో 43 మూతపడ్డాయి. వార్తలన్నీ మెక్‌డొనాల్డ్స్ మూతపడిందనే అన్నాయి. అదే రోజున హైదరాబాదులోని దుకాణాలు యథావిధిగా నడిచాయి. బోర్డు ఒకటే, రంగులు ఒకటే, వంటకాలు కూడా దాదాపు ఒకటే. అయినా ఒకచోట వచ్చిన ఆపద మరోచోటికి పాకలేదు. రెండు నగరాలలో దుకాణాలను నడిపే సంస్థలు వేరువేరు కావడమే ఇందుకు కారణం.

వార్తలోని వాక్యానికి కర్త ఎవరన్నదే ఇక్కడి ప్రశ్న. బ్రాండు పేరును కర్తగా నిలిపి రాసిన వాక్యంలో అసలు పని చేసినవారు, నష్టపోయినవారు, బాధ్యత వహించవలసినవారు కనుమరుగవుతారు. జీతం రాని ఉద్యోగి ఎవరిని అడగాలి, అద్దె అందని భవన యజమాని ఎవరిపై దావా వేయాలి అన్న విషయాలు ఈ భేదం మీదనే ఆధారపడి ఉంటాయి. భారతదేశంలో ఫ్రాంచైజ్ వ్యాపారానికి ప్రత్యేక చట్టం లేదు. ఒప్పందానికి 1872 నాటి కాంట్రాక్టు చట్టం, పేరుకు 1999 నాటి ట్రేడ్ మార్కుల చట్టం, సంస్థ నిర్వహణకు కంపెనీల చట్టం వర్తిస్తాయి. కాబట్టి ఒక వివాదాన్ని అర్థం చేసుకోవాలంటే అందులోని సంబంధాలను ముందుగా విడదీసుకోవాలి.

2. సొంత దుకాణానికే పేరు దూరమైన వేళ

ఈ భేదం మెక్‌డొనాల్డ్స్ చరిత్రలో మొదటి తరంలోనే బయటపడింది. రిచర్డ్, మారిస్ మెక్‌డొనాల్డ్ సోదరులు కాలిఫోర్నియాలోని శాన్ బెర్నార్డినోలో నడిపిన భోజనశాల ఈ బ్రాండుకు మూలం. 1954లో అక్కడికి వచ్చిన రే క్రాక్ వారి పద్ధతిని ఇతర ప్రాంతాలలో అమ్మే హక్కును పొందాడు. 1955లో ఇల్లినాయ్ రాష్ట్రంలోని డెస్ ప్లెయిన్స్‌లో తన దుకాణాన్ని తెరిచాడు. 1961లో 27 లక్షల డాలర్లు చెల్లించి సోదరుల నుండి వ్యాపార హక్కులను పూర్తిగా కొనుగోలు చేశాడు.

శాన్ బెర్నార్డినో దుకాణాన్ని మాత్రం సోదరులు తమ వద్దే ఉంచుకున్నారు. అయితే పేరును అమ్మివేసినందున దానికి తమ ఇంటిపేరు పెట్టుకునే వీలు లేకపోయింది. దుకాణం పేరును 'ది బిగ్ ఎమ్'గా మార్చవలసి వచ్చింది. భవనం, పొయ్యిలు, పద్ధతి, వ్యవస్థాపకులు అన్నీ అక్కడే ఉన్నా అది మెక్‌డొనాల్డ్స్ కాకుండా పోయింది. క్రాక్ ఆ సమీపంలోనే మరో మెక్‌డొనాల్డ్స్ తెరిచాడు. కొన్నేళ్ళకు సోదరుల దుకాణం మూతపడింది. దుకాణం ఒక ఆస్తి, పేరు మరొక ఆస్తి అనడానికి ఇంతకన్నా స్పష్టమైన ఉదాహరణ అరుదు.

3. ఢిల్లీ సంస్థలో రెండు సంబంధాలు

మెక్‌డొనాల్డ్స్ 1996లో భారతదేశంలో దుకాణాలు తెరిచింది. అందుకోసం రెండు ఉమ్మడి సంస్థలను ఎంచుకుంది. ఉత్తర, తూర్పు ప్రాంతాలకు విక్రమ్ బక్షీ భాగస్వామిగా కనాట్ ప్లాజా రెస్టారెంట్స్ ఏర్పడింది. పశ్చిమ, దక్షిణ ప్రాంతాలు అమిత్ జాటియాకు చెందిన హార్డ్‌కాజిల్ రెస్టారెంట్స్‌కు దక్కాయి. తర్వాతి కాలంలో ఈ రెండవ సంస్థలో మెక్‌డొనాల్డ్స్ తన వాటాను వదులుకొని, పేరు వాడుకునే అనుమతికే తన పాత్రను పరిమితం చేసుకుంది. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ దుకాణాలు ఈ రెండవ సంస్థ పరిధిలోనివి.

ఢిల్లీ సంస్థ స్వరూపం ఇంత సరళంగా లేదు. కనాట్ ప్లాజాలో బక్షీకి, మెక్‌డొనాల్డ్స్‌కు చెరిసగం వాటా ఉండేది. అంటే మెక్‌డొనాల్డ్స్ ఏకకాలంలో రెండు పాత్రలు పోషించింది. మొదటిది, దుకాణాలు నడిపే సంస్థలో సగం వాటాదారు. రెండవది, ఆ సంస్థకు పేరు, చిహ్నం, వంటకాల విధానం వాడుకునే అనుమతినిచ్చి రాయల్టీ తీసుకునే ఫ్రాంచైజర్. మొదటి పాత్రలోని హక్కులు కంపెనీ నిబంధనల నుండి వస్తాయి, రెండవ పాత్రలోని హక్కులు లైసెన్సు ఒప్పందం నుండి వస్తాయి. సంస్థ సజావుగా నడిచినంతకాలం ఈ రెండింటి మధ్య తేడా ఎవరికీ కనిపించలేదు.

4. వివాదం విడదీసిన పాత్రలు

2013 ఆగస్టులో బక్షీ మేనేజింగ్ డైరెక్టర్ పదవి నుండి తొలగింపబడ్డారు. ఇది వాటాదారుల మధ్య తగాదా. అందువల్ల అది కంపెనీ లా బోర్డుకు, అనంతరం దాని స్థానంలో ఏర్పడిన జాతీయ కంపెనీ లా ట్రిబ్యునల్‌కు చేరింది. 2017 జూలైలో ట్రిబ్యునల్ బక్షీని తిరిగి పదవిలో నియమించింది. వాటాదారుగా మెక్‌డొనాల్డ్స్ ఆ దశలో ఓడిపోయింది.

ఆ తీర్పు వచ్చిన కొద్ది వారాలకే, 2017 ఆగస్టు 21న, మెక్‌డొనాల్డ్స్ తన రెండవ పాత్రలోని అధికారాన్ని ప్రయోగించింది. రాయల్టీ చెల్లించకపోవడంతో సహా ఒప్పంద ఉల్లంఘనలను కారణంగా చూపి, 169 దుకాణాల ఫ్రాంచైజ్ ఒప్పందాన్ని రద్దు చేసింది. పక్షం రోజులలో పేరు, చిహ్నాలు, వంటకాల విధానాల వాడకాన్ని మానుకోవాలని కోరింది. దుకాణాలను మూసివేసే అధికారం ఆ నోటీసుకు లేదు, ఎందుకంటే అవి మెక్‌డొనాల్డ్స్‌వి కావు. ఆ పేరుతో నడపరాదని మాత్రమే అది చెప్పగలదు. గడువు ముగిసినా చాలాచోట్ల బోర్డులు దిగలేదు. అనుమతి లేదని ఫ్రాంచైజర్ అంటుండగా, అదే పేరు కింద అమ్మకాలు సాగాయి. ఆనాడు వినియోగదారుడికి బోర్డును చూసి తెలిసేది ఏమీ లేదు.

వ్యాసారంభంలో చెప్పిన జూన్ నాటి మూసివేతను ఈ నేపథ్యంలో చదవాలి. దుకాణాలకు స్థానికంగా ఉండవలసిన లైసెన్సుల గడువు తీరిపోయి, పునరుద్ధరణ జరగకపోవడం దానికి కారణం. ఆ లైసెన్సులను పొందవలసినది దుకాణం నడిపే సంస్థ. ఆ ఏడాది చివరలో సరుకులు చేరవేసే సంస్థ సరఫరా నిలిపివేయడంతో ఉత్తర, తూర్పు ప్రాంతాలలో ఎనభైకి పైగా దుకాణాలు మూతపడ్డాయి. ఈ విధంగా ఒకే ఏడాదిలో మూడు భిన్న కారణాలు కనిపిస్తాయి. జూన్‌లో ప్రభుత్వ అనుమతి, ఆగస్టులో పేరు వాడుకునే అనుమతి, ఏడాది చివర సరుకుల సరఫరా. మూడింటినీ మెక్‌డొనాల్డ్స్ మూసివేతగా రాస్తే కారణాలన్నీ కలగాపులగమవుతాయి.

2019 మేలో ఇరుపక్షాలు రాజీ కుదుర్చుకున్నాయి. బక్షీ వాటాను మెక్‌డొనాల్డ్స్ కొనుగోలు చేసింది. 2020లో సంజీవ్ అగ్రవాల్ సగం వాటాతో కొత్త భాగస్వామిగా ప్రవేశించారు. ఇక్కడ గమనించవలసిన అంశం, వాటాదారులు మారినా కనాట్ ప్లాజా అన్న కంపెనీ అదే చట్టబద్ధ వ్యక్తిగా కొనసాగింది. కాబట్టి దుకాణం నడిపేది ఎవరు, ఆ సంస్థలో వాటాలు ఎవరివి, పేరు ఎవరిది అనే మూడు ప్రశ్నలకు మూడు వేర్వేరు సమాధానాలు ఉండవచ్చు. కాలాన్ని బట్టి ఒక్కొక్కటి విడిగా మారనూవచ్చు.

5. గుర్తించే పద్ధతి

దుకాణం ఎవరిదో తెలిపే తొలి ఆధారం బిల్లు. పైభాగాన పెద్ద అక్షరాలతో బ్రాండు పేరు ఉన్నా, దాని కింద చిన్న అక్షరాలతో అమ్మకందారు చట్టబద్ధ నామం, పదిహేను అక్షరాంకెల జీఎస్టీ సంఖ్య ఉంటాయి. ఆ సంఖ్యలో మొదటి రెండు అంకెలు రాష్ట్రాన్ని సూచిస్తాయి. తెలంగాణకు 36, ఢిల్లీకి 07. తర్వాతి పది అక్షరాంకెలు అమ్మకందారు పాన్ సంఖ్య. అందులో నాలుగవ అక్షరం, అంటే మొత్తం సంఖ్యలో ఆరవది, 'C' అయితే కంపెనీ, 'F' అయితే భాగస్వామ్య సంస్థ, 'P' అయితే వ్యక్తి.

ఒకే బ్రాండుకు చెందిన రెండు దుకాణాల బిల్లులను పక్కపక్కన పెట్టి ఈ పది అక్షరాంకెలను పోల్చాలి. అవి ఒకటే అయితే, రాష్ట్రాలు వేరైనా రెండింటినీ నడిపేది ఒకే చట్టబద్ధ వ్యక్తి. వేరైతే నిర్వాహకులు వేరు. జీఎస్టీ పోర్టల్‌లో ఈ సంఖ్యతో వెదికితే Legal Name of Business, Trade Name అనే రెండు గడులు కనిపిస్తాయి. మొదటిది నిర్వాహకుడి పేరు, రెండవది వ్యాపారానికి పెట్టుకున్న పేరు. దుకాణంలో ప్రదర్శించవలసిన ఆహార భద్రతా లైసెన్సుపై ఉన్న పేరుతో దీనిని సరిచూసుకోవచ్చు.

అయితే ఈ పద్ధతికి ఒక పరిమితి ఉంది. బిల్లు నిర్వాహకుడిని చూపుతుందే తప్ప వాటాదారులను చూపదు. పాన్ సంఖ్య బ్రాండు యజమానిది కాకపోయినంత మాత్రాన ఆ దుకాణం బయటివారిదని తేల్చలేము. బ్రాండు సంస్థ తన అనుబంధ కంపెనీ ద్వారా నడుపుతూ ఉండవచ్చు, లేదా ఢిల్లీలో వలె సగం వాటా కలిగి ఉండవచ్చు. అది తెలుసుకోవడానికి కంపెనీ వ్యవహారాల మంత్రిత్వ శాఖ వద్ద దాఖలైన వార్షిక పత్రాలను చూడాలి. పేరు ఎవరిదన్నది ట్రేడ్ మార్కుల రిజిస్టరులో తేలుతుంది. రాయల్టీ, రద్దు షరతులు మాత్రం ఒప్పందంలో ఉంటాయి. అది సాధారణంగా బహిరంగ పత్రం కాదు. వివాదం న్యాయస్థానానికి చేరినప్పుడే అందులోని అంశాలు తీర్పుల ద్వారా బయటికి వస్తాయి.

6. ముగింపు

ఢిల్లీ వివాదంలో మెక్‌డొనాల్డ్స్ వాటాదారుగా ఒక ఉత్తర్వును ఎదుర్కొని, ఫ్రాంచైజర్‌గా ఒక నోటీసు ఇచ్చింది. ఈ రెండూ వేర్వేరు సంబంధాల నుండి పుట్టిన చర్యలు. మొదటి సంబంధంలో ఓడినవారు రెండవ దానిలో అధికారం నిలుపుకోగలిగారు. పదవి తిరిగి పొందినవారు పేరు వాడుకునే హక్కును నిలుపుకోలేకపోయారు. దుకాణాలను నడిపే సంస్థ చేతిలో దుకాణాలు మిగిలాయి, వాటికి విలువ తెచ్చిన పేరుపై అనుమతి వివాదాస్పదమైంది. ఆనాడు శాన్ బెర్నార్డినో సోదరుల స్థితి కూడా ఇటువంటిదే.

బ్రాండు చరిత్ర రాసేవారు పత్రికా వార్తలను ఆధారంగా తీసుకునేటప్పుడు, ప్రతి వాక్యంలోనూ బ్రాండు పేరు ఉన్నచోట నిర్వాహక సంస్థనా, వాటాదారునా, పేరు యజమానినా, ఎవరిని ఉద్దేశించారో నిర్ధారించుకోవాలి. ఆ నిర్ధారణ జరిగితే 2017 నాటి మూసివేతలు ఒక బ్రాండు పతనంగా కాక, ఒక నిర్వాహక సంస్థ ఎదుర్కొన్న మూడు వేర్వేరు సంక్షోభాలుగా కనిపిస్తాయి. అప్పుడే హైదరాబాదు దుకాణాలు ఎందుకు చెక్కుచెదరలేదో కూడా బోధపడుతుంది.