క్లేటన్ ఎక్కడుంది?

ఈ వారం అక్షాంశ రేఖాంశాల గురించి నాలుగు మాటలు చెప్పుకుందాం.

అంకెలు ఒకటే అయితే చోటు కూడా ఒకటే అనుకుంటాం కదా! కాని 1980లలో అచ్చయిన పటంలో మన క్లేటన్ రైల్వే స్టేషను అక్షాంశ రేఖాంశాలు చూసి, వాటినే ఈనాటి ఫోనులో కొడితే, చుక్క స్టేషనుకి నైరుతి దిక్కుగా సుమారు 200 మీటర్ల దూరాన పడుతుంది. పటమూ తప్పు కాదు, ఫోనూ తప్పు కాదు. రెండింటి డేటమ్ వేరు. కొలత ఎక్కడ మొదలుపెట్టాలి, భూమి ఆకారాన్ని ఎంతగా ఊహించుకోవాలి అన్న ఒప్పందమే డేటమ్.

ఉపగ్రహాలు లేని రోజుల్లో భూమి కేంద్రం ఎక్కడుందో ఎవరికి కనిపిస్తుంది? సర్వేయర్లు నేల మీద త్రిభుజాలు గీసుకుంటూ పోయి, తమ దేశానికి చక్కగా అమరే గోళాన్ని ఎంచుకున్నారు. మన దేశంలో 1802లో మద్రాసు దగ్గర లాంబ్టన్ మొదలుపెట్టిన పని అదే. ఆయన తరువాత వచ్చిన ఎవరెస్టు 1830లో లెక్కగట్టిన గోళం భూమధ్యరేఖ దగ్గర ఇప్పటి లెక్క కంటే దాదాపు 860 మీటర్ల వ్యాసార్థం తక్కువ. అయినా భారతదేశానికి అది బాగానే సరిపోయింది. మన ఊళ్ళ పాత టోపో షీట్లన్నీ దాని మీదే ఉన్నాయి.

ఆస్ట్రేలియా 1966లో ఇలాగే తన డేటమ్ పెట్టుకుంది. దాని మూలబిందువు నార్తర్న్ టెరిటరీలోని జాన్‌స్టన్ స్టేషను. ఈ ఖండానికి ఒదిగేలా అమర్చిన ఆ గోళం కేంద్రం అసలు భూకేంద్రానికి దాదాపు 190 మీటర్లు పక్కకి ఉంది. ఫోను వాడే WGS84 మాత్రం భూకేంద్రం నుంచే కొలుస్తుంది. ఆ తేడాయే స్టేషను దగ్గర కనపడిన 200 మీటర్లు.

అందుకని భూకేంద్రంతో కలిసే GDA94 వచ్చింది. అక్కడితో కథ అయిపోయిందనుకుంటే పొరపాటే. ఈ ఖండం ఏడాదికి సుమారు 7 సెంటీమీటర్లు ఈశాన్యంగా జరుగుతోంది. GDA94 అంకెలు 1994 జనవరి 1 నాటి స్థానానికి కట్టేసినవి. 26 ఏళ్ళలో నేల 1.8 మీటర్లు జరిగింది గాని, అంకెలు జరగలేదు. అందుకే GDA2020 తెచ్చారు.

ఫోను మామూలుగానే కొన్ని మీటర్లు అటూ ఇటూ చూపిస్తుంది కనుక ఈ 1.8 మీటర్లు మనకి తెలియవు. కాని ఫుట్‌పాత్ కింద గ్యాసు గొట్టం ఉన్న చోటు GDA94లో రాసి ఉండి, తవ్వేవాడు దాన్ని GDA2020 అనుకుంటే, గొట్టం ఉన్నచోటు వదిలి నైరుతికి 1.8 మీటర్ల అవతల వెతుకుతాడు. గొట్టం లేదనుకున్న చోటే గునపం దిగుతుంది.

ఇది డేటమ్ తేడా అని గుర్తుపట్టడం సులభమే. పరికరం తడబాటయితే చుక్క ఒకసారి ఇటు, ఒకసారి అటు పడుతుంది. డేటమ్ తేడా అయితే క్లేటన్‌లో ఏ మూల చూసినా ఒకే దిక్కుకి, ఒకే దూరం తప్పుతుంది. అప్పుడు పటం అంచున చిన్న అక్షరాల్లో డేటమ్ పేరు రాసి ఉంటుంది, అది చదవండి.