పెద్దల పెన్షన్, ఎఫ్‌డీలు: నామినీ ఉంటే సరిపోతుందా?

నాన్నగారి పెన్షన్ ఏ బ్యాంకులో పడుతుందో మీకు తెలుసు. ఆయన ఐసీయూలో ఉంటే ఆ డబ్బు ఎవరు తీయగలరు? నామినీ తీయలేరు. ఖాతాదారు మరణించాకే నామినీకి డబ్బు అందుతుంది. అందుకే ఖర్చులు, వైద్యం, నామినేషన్ మూడింటినీ కలిపి చూడాలి.

ముందు లెక్క రాయండి

74 ఏళ్ల రిటైర్డ్ ఉద్యోగికి నెలకు రూ.36 వేల పెన్షన్ వస్తోందనుకుందాం. ఇంటి ఖర్చు రూ.18 వేలు, బీపీ, షుగర్ మందులకు రూ.5 వేలు. ఆరోగ్య బీమా ప్రీమియం ఏడాదికి రూ.48 వేలు, పరీక్షలకు రూ.12 వేలు. ఇవి ఏడాదికోసారి వచ్చే ఖర్చులు కాబట్టి నెల లెక్కలో కనిపించవు. 12తో భాగిస్తే నెలకు రూ.5 వేలు. అంటే నిజంగా మిగిలేది రూ.8 వేలే. దీన్ని ఆసుపత్రి అవసరాలకు విడిగా దాచాలి.

ఆసుపత్రి డబ్బు ఎవరి చేతికి?

ఆయనకు ఒక్కరి పేరుతోనే రూ.6 లక్షల ఎఫ్‌డీ ఉందనుకుందాం. నామినీగా అమ్మగారి పేరున్నా, ఆయన సంతకం చేయలేని స్థితిలో ఉంటే దాన్ని రద్దు చేయించడం కష్టం. అదే ఇద్దరి పేర్లతో 'ఐదర్ ఆర్ సర్వైవర్' పద్ధతిలో సేవింగ్స్ ఖాతా ఉంటే ఎవరి సంతకంతోనైనా డబ్బు తీయవచ్చు. అందుకే ఆసుపత్రి డబ్బును ఆ ఖాతాలోనే ఉంచండి. జాయింట్ ఎఫ్‌డీ అయితే మరో జాగ్రత్త అవసరం. ఒకరు మరణిస్తే రెండోవారు గడువుకు ముందే డబ్బు తీసుకోవచ్చన్న షరతును ఇద్దరి సంతకాలతో ముందే రాయించుకోవాలి.

నామినీని ఇలా సరిచూడండి

పాస్‌బుక్ మీద, ఎఫ్‌డీ రసీదు మీద 'నామినేషన్ రిజిస్టర్డ్' అని ఉందేమో చూడండి. అది లేకపోతే, లేదా నామినీగా చనిపోయిన వారి పేరుంటే, బ్యాంకులో నామినేషన్ ఫారం ఇచ్చి రసీదు తీసుకోండి. సేవింగ్స్ ఖాతాలో నామినీ ఉన్నంత మాత్రాన ఎఫ్‌డీకీ ఉన్నట్లు అనుకోవద్దు, రెండూ విడిగా చూడాలి. 2025 నవంబరు 1 నుంచి డిపాజిట్ ఖాతాకు నలుగురి వరకు నామినీలను పెట్టుకోవచ్చు. ఎవరికెంత శాతమో రాయవచ్చు, లేదా ఒకరి తర్వాత ఒకరు అని వరుస చెప్పవచ్చు.

నామినీ డబ్బుకు యజమాని కారు. బ్యాంకు నుంచి తీసుకొని వారసులకు అందజేసే వ్యక్తి మాత్రమే. ఇద్దరు పిల్లల్లో ఒకరి పేరే నామినీగా రాస్తే, రెండోవారి వాటా పోదు. గొడవ మాత్రం రావచ్చు. ఎవరికెంత చెందాలో వీలునామాలో స్పష్టంగా రాయించడమే దీనికి మార్గం.